పంచని లాభం ఎవరి లాభం?

"లాభాన్ని కంపెనీలోనే ఉండనివ్వండి. మీరు చేతిలోకి తీసుకుంటేనే గదా పన్ను!" ఈ సలహా మన వైద్యుల ఇళ్ళలో భోజనాల దగ్గర చాలా ధైర్యంగా చెలామణీ అవుతున్నది. చెప్పేవారు పన్నుల నిపుణులు కారు. ఎక్కువగా మనలాంటి డాక్టర్లే. వినేవారు రెసిడెన్సీ ముగించి, అప్పులు తీర్చి, కొత్తగా సొంత ప్రాక్టీసు పెట్టుకున్న చిన్నవాళ్ళు. 2017 చివర అమెరికా పన్నుల చట్టం మారిన తర్వాత ఈ మాటకు మళ్ళీ ఊపు వచ్చింది. ఈ సలహా చట్టం ప్రకారం ప్రమాదకరమనీ, న్యాయం ప్రకారం కూడా నిలవదనీ మేము ఇక్కడ వాదించదలచుకున్నాము. అలాగని ఆ చట్టాన్ని నెత్తిన పెట్టుకోవడమూ మా ఉద్దేశం కాదు. దాని మీద మాకున్న తగాదా కూడా చెబుతాము.

ముందు ఆశ ఎక్కడ పుట్టిందో చూద్దాం. 2017 దాకా డాక్టర్ల కార్పొరేషన్లకు లాభం మీద ఏకమొత్తంగా 35 శాతం పన్ను ఉండేది. పై శ్రేణిలో ఉన్న డాక్టరు సొంతంగా కట్టే పన్నుకు అది పెద్ద దూరం కాదు కనుక లాభాన్ని లోపల దాచితే కలిసొచ్చేదీ పెద్దగా లేదు. 2018 నుంచి అన్ని సి-కార్పొరేషన్లకూ 21 శాతమే. వ్యక్తికి పై శ్రేణి మాత్రం 37 శాతం. మధ్యలో 16 శాతం తేడా. ఆశకు ఇంతకన్నా ఏం కావాలి?

నూరు డాలర్లు తీసుకుని నడిపి చూస్తే విషయం తేటపడుతుంది. రాష్ట్ర పన్నులు పక్కన పెడదాం. పై శ్రేణిలో ఉన్న డాక్టరు ఆ నూటిని జీతంగా తీసుకుంటే ఆదాయపు పన్ను, మెడికేర్ పన్ను పోగా చేతికి వచ్చేది 60 డాలర్ల దరిదాపు. కంపెనీ లాభంగా చూపి, 21 కట్టి, మిగిలిన 79ని డివిడెండుగా పంచుకుంటే దాని మీద 20 శాతం, పైన పెట్టుబడి ఆదాయం మీది 3.8 శాతం పోయి మళ్ళీ 60 చిల్లరే. అంటే లాభం బయటికి ఏ తలుపులోంచి వచ్చినా ఇంచుమించు ఒకటే లెక్క. చట్టం చేసినవారు ఈ రెండు తలుపులనూ దాదాపు ఒకే ఎత్తులో కట్టారన్నమాట. మన సలహాదారులు చెప్పేది మూడో తలుపు: అసలు బయటికి రాకపోవడం. 79 డాలర్లూ కంపెనీ పేరనే ఉంచి షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కొనడం. యజమాని పోయిన నాడు వారసులకు ఆ కంపెనీ వాటా ఆనాటి విలువకు కొన్నట్టుగా లెక్కలోకి వస్తుంది. వాళ్ళు కంపెనీని మూసి డబ్బు తీసుకుంటే, కంపెనీ తన ఫండ్ల మీద కట్టవలసింది కడుతుంది గాని, డివిడెండు పన్ను అన్నది ఎప్పటికీ రాదు. ఎస్టేటు పన్ను హద్దు 2026లో మనిషికి కోటీ యాభై లక్షల డాలర్లు. కాబట్టి ఆ వైపు నుంచీ చాలామందికి భయం లేదు.

ఈ మూడో తలుపుకు వేసిన తాళమే పోగుచేసిన లాభాల పన్ను. పన్నుల కోడ్‌లో 531 నుంచి 537 దాకా ఉన్న సెక్షన్లు దీనివి. ఇది నేటిది కాదు. 1913లో ఆదాయపు పన్ను పుట్టిన చట్టంలోనే దీని మొలక ఉంది. అప్పుడు దాచిన లాభాన్ని వాటాదారుల నెత్తిన వేసేవారు. 1921లో దాన్ని కంపెనీ మీదికే మార్చారు. ఈనాటి రేటు 20 శాతం. ఇది మామూలు 21 శాతం కట్టిన తర్వాత, అదనంగా. ఆపైన ఎప్పుడైనా ఆ డబ్బు పంచుకుంటే డివిడెండు పన్ను ఎలాగూ ఉంటుంది. మన నూరు డాలర్లనే మళ్ళీ నడపండి: 79, అందులో 20 శాతం పోతే 63, అది పంచుకుంటే చేతికి 48. నిజాయితీగా తీసుకున్నవాడికి 60, దాచి పట్టుబడినవాడికి 48. వడ్డీ వేరే.

ఎస్-కార్పొరేషన్‌గా ఎన్నుకున్న ప్రాక్టీసులకు ఈ బాధ లేదు. అక్కడ లాభం పంచినా పంచకపోయినా వాటాదారు ఖాతాలోనే పడుతుంది. ఇది సి-కార్పొరేషన్ల కథ.

కంపెనీలో డబ్బు ఉంచడమే నేరమా? కాదు. వ్యాపారానికి న్యాయంగా కావలసినంత ఉంచుకోవచ్చు. ఇప్పటి అవసరమే కాదు, ముందు వచ్చే అవసరానికి కూడా. ఒంట్లో నీరు ఉండాలి. కాళ్ళలో దిగితే మాత్రం అడగవలసిన ప్రశ్నలు వేరు. చట్టం అడిగేదీ అదే: ఈ డబ్బు ప్రాక్టీసు నడవడానికి ఉన్నదా, యజమాని పన్ను తప్పడానికి ఉన్నదా?

దీనికి కోర్టుల్లో వాడే కొలబద్ద ఒకటుంది. 1965లో బార్డాల్ అనే తయారీ కంపెనీ కేసులో టాక్స్ కోర్టు వాడింది కాబట్టి బార్డాల్ సూత్రమంటారు. సరుకు కొన్న నాటి నుంచి దాని డబ్బు చేతికి వచ్చే దాకా ఎన్ని రోజులు పడుతుందో, అన్ని రోజుల ఖర్చు చేతిలో ఉండాలన్నది దాని సారం. డాక్టరుకు సరుకు నిల్వ అనదగ్గది లేదు. రోగిని చూసిన రోజు నుంచి ఇన్సూరెన్సు చెక్కు వచ్చే దాకా గడిచే రోజులు లెక్క. అందులోంచి మనం ఇతరులకు బాకీ పెట్టి గడిపే రోజులు తీసెయ్యాలి.

ఒక కల్పిత ప్రాక్టీసు తీసుకుందాం. ఒక గుండె వైద్యుడు, ఆయనే ఏకైక వాటాదారు. ఆయన జీతం, సిబ్బంది జీతాలు, అద్దె, మాల్‌ప్రాక్టీసు ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాది ఖర్చు 7,20,000 డాలర్లు. ఖర్చులు పోను లాభం ఏటా 2,00,000. అందులో పన్ను 42,000 కట్టాక మిగిలేది 1,58,000. డివిడెండు ఎన్నడూ లేదు. మొత్తం ఫండ్లలో పడుతుంది. ఇన్సూరెన్సు డబ్బు రావడానికి 75 రోజులు. ఆయన తన బిల్లులు సగటున 15 రోజుల్లో కడతాడు. మిగిలిన 60 రోజుల ఖర్చు, అంటే ఏడాదిలో ఇంచుమించు ఆరో వంతు, 1,20,000 డాలర్లు. ఇది నడక పెట్టుబడి. వచ్చే ఏడాది 1,00,000 పెట్టి కొత్త ఎకో యంత్రం కొనాలని నిశ్చయించి, ధరల పత్రం తెప్పించి, కంపెనీ తీర్మానం రాసి పెట్టుకున్నాడనుకుందాం. అదీ ఒప్పుకుంటారు. మొత్తం అవసరం 2,20,000.

మొదటి ఏడాది మిగిలిన 1,58,000 ఈ అవసరంలో ఇమిడిపోతుంది. పేచీ లేదు. రెండో ఏడాది మరో 1,58,000 వచ్చింది. అవసరానికి ఇంకా పట్టేది 62,000 మాత్రమే. మిగతా 96,000 బయట పడింది. దాని మీద 20 శాతం, 19,200. మూడో ఏటికి యంత్రం ఇంకా కొనలేదు, పాత్ర నిండే ఉంది. కొత్తగా వచ్చిన 1,58,000 పూర్తిగా బయటే. 31,600 పన్ను. రెండేళ్ళకూ కలిపి 50,800 డాలర్లు. మూడో ఏటికి కూడా కొనని ఆ యంత్రాన్ని అధికారి నమ్ముతాడా అన్నది మరో ప్రశ్న. నమ్మకపోతే లెక్క ఇంకా బిగుస్తుంది.

ఏ అవసరమూ చూపకుండానే కొంత దాచుకోనిచ్చే కనీస పరిమితి కూడా చట్టంలో ఉంది. ఇది ఏటా ఇచ్చేది కాదు, కంపెనీ జీవితకాలంలో పోగైన మొత్తానికి. ఇతర కంపెనీలకు 2,50,000 డాలర్లు. వైద్యం, న్యాయం, ఇంజనీరింగ్, అకౌంటింగ్ వంటి సేవల కంపెనీలకు 1,50,000. పై ఉదాహరణలో న్యాయమైన అవసరం ఇంతకన్నా ఎక్కువ కాబట్టి దీని ఊసు రాలేదు. రెండింటిలో పెద్దదే లెక్క, రెండూ కలపరు. "మాకు లక్షా యాభై వేలు ఊరికే ఉంది గదా, దాని పైన అవసరం" అని కలిపి చెప్పేవారికి ఈ మాట తెలియదు.

"ఎవరు పట్టుకుంటారండీ?" అంటారు. నిజమే, పన్ను రిటర్నులో ఈ పన్నుకంటూ గడి లేదు. మనంతట మనం లెక్కకట్టి కట్టేది కాదు. ఆడిటులో అధికారి వేసేది. ఆ గడి లేకపోవడమే మనవాళ్ళకు ధైర్యమిస్తున్నది. కాని ఫారం 1120 వెనక జతచేసే ఆస్తి అప్పుల పట్టికలో నగదెంత, పెట్టుబడులెంత, పోగైన లాభమెంత, వాటాదారులకిచ్చిన అప్పులెంత అన్నవి మన చేతులతో మనమే నింపుతాము. డివిడెండు సున్నా, ఫండ్లు లక్షలు, పైగా "వాటాదారుకు అప్పు" అన్న వరస నిండి ఉంటే రోగం చెప్పడానికి స్కానింగు అక్కర్లేదు. యజమాని ఇంటి వాయిదాకు కంపెనీ అప్పిచ్చిందంటే కంపెనీకి ఆ డబ్బు అవసరం లేదని కంపెనీయే సాక్ష్యం చెప్పినట్టు.

ఆడిటు వచ్చాక తీర్మానాలు రాయించే అకౌంటెంట్లు కూడా ఉన్నారట. డాక్టర్లకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు. రోగి లాయరు నోటీసు వచ్చాక చార్టులో పాత తేదీతో రాసిన వాక్యం కోర్టులో ఎవరికి పనికొస్తుందో మనందరికీ తెలుసు. నిబంధనలు కోరేది నిర్దిష్టమైన, ఖాయమైన, జరిగే వీలున్న పథకం. "భవిష్యత్తులో విస్తరణ" అన్న రెండు మాటలు పథకం కావు.

ఉద్దేశం గురించి 1969లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మనవాళ్ళంతా చదవదగినది. టెనెసీలోని మెంఫిస్‌లో డాన్‌రస్ అనే బబుల్‌గమ్, మిఠాయి కంపెనీ ఉండేది. 1954 నుంచి వాటాలన్నీ ఒక్కరివే. 1955 నుంచి 1961 దాకా ఏటా లాభమే. పోగైన లాభం సుమారు 10.2 లక్షల డాలర్ల నుంచి 16.8 లక్షలకు పెరిగింది. ఆ ఏడేళ్ళలో ఒక్క డివిడెండు లేదు. గమనించండి, ఆ యజమాని మన ఊహాచిత్రంలోని దొంగ కాదు. కంపెనీ దగ్గర అప్పు తీసుకోలేదు, జీతం తప్ప వేరే సౌకర్యాలు పొందలేదు, వ్యాపారానికి సంబంధం లేని పెట్టుబడులు పెట్టలేదు. సరుకు నిల్వకు కావాలి, ఖర్చులు పెరుగుతున్నాయి, వ్యాపారంలో ఒడిదుడుకులున్నాయి, తమ సరుకు అమ్మిపెట్టే ముఖ్యమైన కంపెనీలో వాటా కొనాలనుంది అన్నాడు. జ్యూరీ ఏమన్నది? అవసరానికి మించి దాచారు, కాని పన్ను తప్పించుకోవడానికి కాదు అన్నది. కంపెనీ గెలిచింది. ప్రభుత్వం పైకి వెళ్ళింది. పన్ను తప్పించుకోవడమే ఏకైక ఉద్దేశమై ఉండాలా, ప్రధాన ఉద్దేశమైతే చాలా, అనేక ఉద్దేశాలలో ఒకటైనా సరిపోతుందా అన్నది ప్రశ్న. ఒకటైనా చాలునని సుప్రీంకోర్టు తేల్చింది.

దీని బరువు చూడండి. అవసరానికి మించి దాచినట్టు తేలితే, ఉద్దేశం ఉన్నట్టే చట్టం భావిస్తుంది. లేదని కంపెనీ నిరూపించుకోవాలి. పన్ను ఆదా అన్న ఆలోచన తన మనసులో ఒక మూల కూడా లేదని ఏ డాక్టరు నిరూపించగలడు? అందులోనూ ఆ సలహాను నలుగురి ముందు భోజనాల దగ్గర చెప్పినవాడు!

ఇక న్యాయం మాట. "రెండుసార్లు పన్ను వేస్తున్నారు, మా డబ్బు మా ఇష్టం" అన్న వాదన వింటాము. రెండుసార్లు అన్న మాట నిజమే. కాని కార్పొరేషన్ అన్న చొక్కా మనకెవరూ బలవంతంగా తొడగలేదు. అప్పులవాడు వస్తే "అది కంపెనీ బాకీ, నాది కాదు" అంటాము. పన్నులవాడు వస్తే "అది నా డబ్బు, నా ఇష్టం" అంటామా? రెండింటిలో ఏదో ఒక్కటే నిజం కావాలి. ఇంకొక మాట. అదే ఆసుపత్రిలో జీతానికి పనిచేసే డాక్టరుకూ, నర్సుకూ దాచుకునే తలుపు లేదు. చెక్కు చేతికి రాకముందే పన్ను కోసుకుపోతుంది. మనకున్న తలుపు వాళ్ళకు లేదు కనుకనే దానికి తాళం వేశారు. మాలో చాలామందిమి ఇతరులు కట్టిన పన్నులతో నడిచిన ప్రభుత్వ కళాశాలల్లో నామమాత్రపు ఫీజుతో చదివి ఇక్కడికి వచ్చినవాళ్ళమే. "మా ఇష్టం" అనేముందు ఆ సంగతి కూడా గుర్తుంటే బాగుంటుంది.

"దాచిన డబ్బే గదా ఉద్యోగాలు సృష్టించేది" అన్నది మరో వాదన. ప్రాక్టీసులో పెట్టిన డబ్బుకు ఈ పన్ను లేనే లేదని పైన చూశాము. ఎకో యంత్రం కొనండి, రెండో క్లినిక్ తెరవండి, ఇంకొక డాక్టరును పెట్టుకోండి, ఎవరూ అడ్డురారు. ఫండులో పడున్న డబ్బు ఏ ఉద్యోగం సృష్టిస్తున్నదో, అదే డబ్బు డాక్టరు సొంత పేరున ఫండులో ఉన్నా అదే సృష్టిస్తుంది.

ఇప్పుడు చట్టంతో మా తగాదా. ఇది మనసులోకి తొంగిచూసే చట్టం. పన్ను లెక్క అన్నది కాగితాల మీద తేలాలి గాని, యజమాని ఏమనుకున్నాడన్నదాని మీద తేలకూడదు. ఫలితంగా తెలివైన లాయరును పెట్టుకోగలవాడు నోటీసు వచ్చిన 60 రోజుల్లో తన కారణాలన్నీ వివరంగా రాసిచ్చి, టాక్స్ కోర్టులో రుజువు భారాన్ని ప్రభుత్వం మీదికి తొయ్యగలుగుతాడు. ఒంటరి డాక్టరు ఆ కాగితాన్ని బల్ల మీద ఉంచి మరచిపోతాడు. ఇక ఆ 1,50,000 పరిమితి 1975లో పెట్టినది. 1981లో ఇతరులకు 2,50,000కు పెంచి మనలాంటి సేవల కంపెనీలను అక్కడే వదిలేశారు. ఇన్నేళ్ళ ధరల పెరుగుదలలో ఆ అంకె ఒక్క డాలరు కదల్లేదు. పెద్ద కంపెనీలకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని, వాటాదారుల సంఖ్యతో పనిలేదని 1984లోనే స్పష్టంగా రాశారు. కాని 1967 తర్వాత డివిడెండు ఇవ్వని బెర్క్‌షైర్ హాథవే దగ్గర 2024 ఆఖరుకు 300 బిలియన్ డాలర్లకు పైగా నగదు, ప్రభుత్వ బిల్లులు ఉన్నాయి. వేలాది వాటాదారులున్న చోట ఎవరి పన్ను తప్పించే ఉద్దేశమని వెతుకుతారు? వల చిన్న చేపలకే పనికొచ్చేలా అల్లారు.

ఉద్దేశాన్ని వదిలేసి దాచిన ప్రతి లాభం మీదా పన్ను వేసి చూడలేదా అంటే, చూశారు. 1936లో రూజ్వెల్ట్ ప్రభుత్వం 7 నుంచి 27 శాతం దాకా మెట్లుగా వేసింది. నిజంగా యంత్రాలు కొనవలసిన కంపెనీకీ, ఊరికే దాచే కంపెనీకీ తేడా చూడకపోవడంతో వ్యాపారులంతా ఏకమై ఎదిరించారు. 1938లో దాన్ని బాగా కుదించి, మరుసటి ఏడు తీసేశారు. మన దేశంలోనూ కొద్దిమంది చేతుల్లో ఉన్న కంపెనీలు చాలినంత పంచకపోతే అదనపు పన్ను వేసే 104వ సెక్షన్ 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఉండేది. 1987 ఫైనాన్స్ చట్టం దాన్ని ఎత్తివేసింది.

మాకు నచ్చిన దారి ఉత్తరాన ఉంది. 2017లో కెనడా ప్రభుత్వం ప్రైవేటు కార్పొరేషన్లలో దాచిన డబ్బు మీద చెయ్యి వేస్తానన్నప్పుడు అక్కడి డాక్టర్లే అందరికన్నా గట్టిగా గోల చేశారు. చివరకు 2018 బడ్జెట్లో వచ్చిన నియమం ఎవరి మనసునూ అడగదు. కంపెనీ, దాని అనుబంధ సంస్థలు కలిపి పెట్టుబడుల మీద ఏడాదికి 50,000 డాలర్ల దాకా సంపాదించినా పేచీ లేదు. అది దాటిన ప్రతి డాలరుకూ, చిన్న వ్యాపారాల తక్కువ పన్ను రేటు వర్తించే 5,00,000 డాలర్ల హద్దులో 5 డాలర్లు తగ్గుతాయి. పెట్టుబడి ఆదాయం 1,50,000కు చేరేసరికి ఆ తక్కువ రేటు పూర్తిగా పోతుంది. లెక్క రిటర్నులోనే తేలుతుంది. అధికారికీ డాక్టరుకూ మధ్య "నీ ఉద్దేశమేమిటి" అన్న సంభాషణే ఉండదు. అమెరికాలోనూ ఇలాంటి కొలత తెచ్చి, 1975 నాటి అంకెను ధరలతో పాటు కదిలేలా చేసి, వారసత్వంలో డివిడెండు పన్ను మాయమయ్యే సందును మూస్తే, ఉద్దేశాల విచారణ అక్కర్లేదు. ఆ సందు ఉన్నంతకాలం దాచాలన్న ఆశ చావదు.

అది ఎప్పటికి జరిగేనో తెలియదు గనుక, ఇప్పటికే డబ్బు పోగైనవారికి ఒక్క సంగతి. కంపెనీ లెక్కల ఏడాది ముగిశాక నాలుగో నెల 15వ తేదీలోగా ఇచ్చిన డివిడెండు కూడా ఈ పన్ను లెక్కలో గడిచిన ఏటిదిగానే తగ్గుతుంది. డిసెంబరుతో ముగిసే కంపెనీకి అది ఏప్రిల్ 15. చేతిలో రొక్కం లేక ఫండ్లు అమ్మడం ఇష్టం లేకపోతే, డబ్బు కదలకుండానే డివిడెండు తీసుకున్నట్టు వాటాదారు ఒప్పుకుని పన్ను కట్టే ఏర్పాటు కూడా 565వ సెక్షనులో ఉంది. ఈసారి అకౌంటెంటు దగ్గరికి వెళ్ళినప్పుడు పట్టికలో "వాటాదారుకు అప్పు" అన్న వరస ఎదురుగా అంకె ఎంత ఉందో ముందు అడగండి.